అప్‌డేట్: టెక్నీషియన్ రచయితా, సహకరించినవారా?

నా ప్రశ్న: 400 రక్త నమూనాలు పరీక్షించిన టెక్నీషియన్‌ను మా పరిశోధనా పత్రంలో రచయితగా చేర్చాలా, కృతజ్ఞతల్లో పేర్కొంటే సరిపోతుందా?

అప్‌డేట్: మీరు సూచించిన, వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ అయిన ఐసీఎంజేఈ నియమాలను బృందమంతా కలిసి చదివాం. పరిశోధనలో గణనీయమైన పాత్ర, ముసాయిదా రాయడం లేదా నిశితంగా సవరించడం, తుది ప్రతికి ఆమోదం, పత్రానికి జవాబుదారీతనం, ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. ఆమె ముసాయిదా చూడలేదు కనుక అర్హురాలు కారని మొదట తేల్చేశాం. కానీ చూసే అవకాశం మేమే ఇవ్వకుండా, ఆ కారణంతోనే తప్పించడాన్ని అవే నియమాలు ఒప్పుకోవు. పాడైన నమూనాలను గుర్తించి పరీక్షా విధానాన్ని మార్చింది ఆమే కాబట్టి ముసాయిదా పంపాం. పద్ధతుల భాగంలో రెండు తప్పులు దిద్దారు, ఇప్పుడు మూడో రచయిత. నిధులు మాత్రమే తెచ్చిన విభాగాధిపతి పేరు, కాస్త ఇబ్బందికరమైన సంభాషణ తర్వాత, ఆయన లిఖితపూర్వక అనుమతితో కృతజ్ఞతల్లో చేరింది.