సముద్రంలో చేపల వేట నిషేధం పెట్టేది ఢిల్లీనా, అమరావతా?

కొత్తపట్నం నాన్న: మా పాప పదో తరగతి. సమాఖ్య అంటే కేంద్రం, రాష్ట్రం అధికారాలు పంచుకోవడమని చదువుతోంది. "మరి మన వేట నిషేధం ఎవరు పెట్టారు నాన్నా?" అనడిగింది. అంతా ఢిల్లీ చెప్పినట్టే కదా జరిగేది?

అల్లూరు కుర్రోడు: ఢిల్లీకి ఇందులో పనేముందన్నా? చేపల వేట రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలో ఉంది. జీవో ఇచ్చేది రాష్ట్రమే. సముద్రం మనది.

ఒంగోలు సాంఘికం టీచర్: సగం చెప్పి ఆపావు తమ్ముడూ. కేంద్ర జాబితాలో 57వ అంశం కూడా చూడు. ప్రాదేశిక జలాలు దాటాక వేట కేంద్రానిది. ఆ జలాలు ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు.

పాపకు ఇలా చెప్పండి అన్నా. మీ ఒడ్డున బయల్దేరిన బోటు ఆ 22 కిలోమీటర్లూ మన శాసనసభ 1994లో చేసిన చట్టం కింద తిరుగుతుంది. గీత దాటితే అదే బోటు, అదే వల కేంద్రం కిందికి పోతాయి. అందుకే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల నిషేధానికి ఉత్తర్వులు రెండు వస్తాయి. కేంద్రం ఒక్కటే ఆపితే బోట్లన్నీ గీత లోపలే వలలేస్తాయి. రాష్ట్రం ఒక్కటే ఆపితే "అవతల పట్టుకొచ్చాం" అంటారు. ఐసులో ఉన్న చేపను చూసి అది ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?

జువ్వలదిన్నె వల: అదంతా సరే సార్. పక్క రాష్ట్రం పెద్ద బోట్లు రాత్రిపూట వచ్చి మా వలలు తెంపుకుపోతున్నాయి. నాది కూడా పోయింది. దానికెవరు దిక్కు?

ఒంగోలు సాంఘికం టీచర్: ఒడ్డుకు ఎంత దూరంలో?

జువ్వలదిన్నె వల: ఐదారు కిలోమీటర్లుంటుంది. ఊరి దీపాలు కనపడుతూనే ఉన్నాయి.

ఒంగోలు సాంఘికం టీచర్: అయితే రాష్ట్రానిదే బాధ్యత. 8 కిలోమీటర్ల లోపలికి మరబోట్లు రాకూడదు. బోటు ఎక్కడ రిజిస్టరైనా మన నీళ్లలో మన చట్టమే. జీపీఎస్ పాయింటు రాసి మత్స్యశాఖకు ఇవ్వండి. అది లేకపోతే లోపలా బయటా అన్న దగ్గరే కేసు ఆగిపోతుంది.

అల్లూరు కుర్రోడు: చూశారా, గీత లోపలంతా మనదే!

ఒంగోలు సాంఘికం టీచర్: చేప మనది. ఆ చేప కింద, సముద్రం అడుగున గ్యాస్ ఉంటే అది కేంద్రానిది. 297వ అధికరణం అదే చెబుతుంది.

కొత్తపట్నం నాన్న: తేదీలు మాత్రం ఇద్దరివీ ఒకటే కదా సార్. కేంద్రం అన్నదానికి రాష్ట్రం తలూపడం పంచుకోవడం ఎలా అవుతుంది?

ఒంగోలు సాంఘికం టీచర్: తలూపి తీరాలనేం లేదు. పడమటి తీరంలో కేంద్రం 61 రోజులు ఆపితే, కేరళ తన నీళ్లలో ట్రాలింగ్‌ను 52 రోజులే ఆపుతుంది.

కొత్తపట్నం నాన్న: పాప పక్కనే కూర్చుని చదువుతోంది. ఆ మిగతా తొమ్మిది రోజులు అక్కడి బోట్లు గీత దగ్గర ఆగుతున్నాయో లేదో ఎవరు చూస్తారని అడుగుతోంది సార్.