పెన్నా నీళ్ళలో గోపురం తెగిపోతోంది: ఎస్ఎస్ఆర్ ఉంచాలా, ప్రోబ్ ఒక్కటే చాలా?

పెన్నాగట్టు (నెల్లూరు)
ప్రాజెక్టుకి పెన్నా ఒడ్డు, రంగనాథస్వామి గుడి గాలిగోపురం 3డి సీన్ చేస్తున్నా. నీళ్ళలో ప్రతిబింబాలకి స్క్రీన్ స్పేస్ రిఫ్లెక్షన్, అదే ఎస్ఎస్ఆర్, వాడుతున్నా. కెమెరా నేరుగా ఉంటే నీళ్ళలో గోపురం పూర్తిగా వస్తోంది. కిందికి వంచితే శిఖరం వైపు నుంచి తెగిపోతోంది. ఎస్ఎస్ఆర్ తీసేసి, చుట్టూ ఉన్న సీన్‌ని ఒక చోటి నుంచి ముందే బొమ్మగా తీసి పెట్టుకునే రిఫ్లెక్షన్ ప్రోబ్ పెట్టెయ్ అంటున్నాడు రూమ్‌మేట్. నిజమేనా? నా సీన్‌లో గోపురం ఎత్తు 30 మీటర్లు, కెమెరాకి 60 మీటర్ల దూరం. కెమెరా నీటికి 2 మీటర్ల పైన ఉంది. నిలువు ఫీల్డ్ ఆఫ్ వ్యూ 60 డిగ్రీలు.

కావలి కుర్రోడు
ఎస్ఎస్ఆర్ రే వెతుక్కుంటూ వేసే స్టెప్స్ తక్కువ పెట్టుంటావు. నాకూ ఇట్లానే అయింది, 16 నుంచి 64 చేస్తే సెట్ అయిపోయింది. మాక్స్ డిస్టెన్స్ కూడా పెంచు. ప్రోబ్ గీబ్ ఏమీ అక్కర్లేదు.

డెప్త్ బాబాయ్
కావలి తమ్ముడు చెప్పింది సగం నిజం. నీటి మీద నుంచి శిఖరం దాకా వెళ్ళే రే పొడవు ఈ సీన్‌లో దాదాపు 64 మీటర్లు. మాక్స్ డిస్టెన్స్ 50 ఉంటే శిఖరం తెగుతుంది, కానీ అప్పుడు కెమెరా నేరుగా ఉన్నా తెగాలి. స్టెప్స్ తక్కువైతే మెట్లు మెట్లుగా, చిల్లులు చిల్లులుగా వస్తుంది. ఇక్కడ తేడా వస్తున్నది కెమెరా వంచినప్పుడు మాత్రమే.

లెక్క వేసి చూడండి. కెమెరా నేరుగా ఉంటే స్క్రీన్ పై అంచు హోరిజాన్‌కి 30 డిగ్రీల పైన ఉంటుంది. శిఖరం 25 డిగ్రీల దగ్గర, నీళ్ళలో దాని ప్రతిబింబం 28 డిగ్రీల కింద. రెండూ స్క్రీన్‌లోనే ఉన్నాయి. ఇప్పుడు కెమెరాని 20 డిగ్రీలు కిందికి వంచండి. పై అంచు 10 డిగ్రీలకి దిగుతుంది. 60 మీటర్ల దూరంలో ఆ అంచుకి తగిలేది గోపురం మీద 12.6 మీటర్ల ఎత్తు. ఆ పైన ఉన్న 17 మీటర్ల గోపురం ఆ ఫ్రేములో ఎవరూ గీయలేదు. నీళ్ళు మాత్రం ఇంకా ఎక్కువ కనిపిస్తున్నాయి, వాటిలో గోపురం మొత్తం ఉండాలి. ఎస్ఎస్ఆర్ వెతికేది గీసిన ఫ్రేములోనే కాబట్టి లేని గోపురాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? స్టెప్స్ 500 పెట్టినా అంతే.

అనుమానం ఉంటే కెమెరా వంపు మార్చకుండా ఫీల్డ్ ఆఫ్ వ్యూ ఒక్కటే పెంచండి. తెగిన శిఖరం తిరిగొస్తే సమస్య స్క్రీన్ అంచుదే. రాకపోతే అప్పుడు స్టెప్స్, డిస్టెన్స్ చూసుకోవచ్చు.

చీమకుర్తి రాయి
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. గ్రానైట్ షోరూముల వాక్‌త్రూలు చేస్తాను. బ్లాక్ గెలాక్సీ ఫ్లోర్ మీద సీలింగ్ లైట్ల మెరుపు రాదు, కస్టమర్ "రాయి చచ్చిపోయింది" అంటాడు. రఫ్‌నెస్ తగ్గించాను, లైట్లు పెంచాను. గోపురానికి కూడా లైటు పెంచి చూశారా?

డెప్త్ బాబాయ్
లైటుతో పని లేదండీ, కానీ మీది కూడా అదే జబ్బు. ఫ్లోర్ చూపించాలని కెమెరా కిందికి వంచుతారు, సీలింగ్ ఫ్రేములో ఉండదు. మీకైతే రూమ్‌మేట్ మాటే కరెక్ట్. గది ఒక పెట్టె. ప్రోబ్‌కి బాక్స్ ప్రొజెక్షన్ పెట్టి, పెట్టెని గోడలకి, సీలింగ్‌కి సరిగ్గా ఆనిస్తే లైట్లు వాటి చోట్లో పడతాయి.

చీమకుర్తి రాయి
పెట్టి చూశా. లైట్లు వచ్చాయి! కానీ నిలబెట్టిన స్లాబులు వాటి ప్రతిబింబంతో అతకడం లేదు, అడుగున జారిపోయినట్టుంది.

డెప్త్ బాబాయ్
అక్కడే ఎస్ఎస్ఆర్ కావాలి. ప్రోబ్‌కి గది మధ్యలో ఉన్న స్లాబు కూడా గోడ మీద అతికించిన బొమ్మే. స్లాబు అడుగు, దాని ప్రతిబింబం రెండూ పక్కపక్కనే స్క్రీన్‌లో ఉంటాయి కాబట్టి ఎస్ఎస్ఆర్ దాన్ని తప్పకుండా పట్టుకుంటుంది. దగ్గరిది ఎస్ఎస్ఆర్, దూరానిది ప్రోబ్.

పెన్నాగట్టు
బాబాయ్, నేనూ ప్రోబ్ పెట్టా, ఏటి మధ్యలో, గోపురానికి 20 మీటర్ల దూరంలో, కెమెరా ఎత్తులోనే. గోపురం నీళ్ళలో తాటిచెట్టంత పొడుగు సాగింది. పైగా ఎస్ఎస్ఆర్ ఉన్నచోట నీళ్ళు తెల్లగా వెలిగిపోతున్నాయి.

డెప్త్ బాబాయ్
రెండు వేర్వేరు తప్పులు. ముందు పొడుగు సంగతి. ప్రోబ్ ఉన్నచోటి నుంచి శిఖరం దాదాపు 54 డిగ్రీల పైన కనిపిస్తుంది. నీటి మీద నుంచి శిఖరానికి వెళ్ళే రే మాత్రం 28 డిగ్రీల్లో ఉంది. ప్రోబ్ తీసిన బొమ్మ, అంటే మామూలు క్యూబ్‌మ్యాప్, అన్నీ అనంత దూరంలో ఉన్నాయనుకుని దిక్కు ఒక్కటే చూస్తుంది. 28 డిగ్రీల దిక్కులో దానికి దొరికేది గోపురం నడుము కూడా కాదు, 12–13 మీటర్ల ఎత్తు. అందుకే శిఖరం ఎక్కడికో కిందికి పోతుంది. బాక్స్ పెట్టి, దాని ఒక గోడని గోపురం ముఖానికి ఆనించు. అప్పుడు రే ఆ గోడని 30 మీటర్ల ఎత్తులో తాకుతుంది, ప్రోబ్ నుంచి ఆ తాకిన చోటికి దిక్కు 54 డిగ్రీలు, అదే శిఖరం. కెమెరా దగ్గరి నీళ్ళు కూడా బాక్స్ లోపలే ఉండేట్టు చూసుకో.

ఇక తెల్లదనం. నువ్వు రెండింటినీ కూడుతున్నట్టున్నావు.

```
// తప్పు
c = probe + ssr * conf;
// సరైనది
c = lerp(probe, ssr, conf);
```

`conf` అంటే ఎస్ఎస్ఆర్ దొరికిందన్న నమ్మకం. రే తాకిన చోటు స్క్రీన్ అంచుకి దగ్గరయ్యేకొద్దీ దాన్ని మెల్లగా సున్నాకి దించు, గీత కనపడదు. ప్రోబ్‌ని మధ్యాహ్నం వెలుగులో బేక్ చేసి సీన్‌ని సాయంత్రం పెట్టావంటే మాత్రం ఎంత మెల్లగా దించినా అతుకు కనిపిస్తుంది.

సూళ్ళూరుపేట షేడర్
ఇంత తిప్పలు ఎందుకండీ? ఏరు చదునుగా ఉంది. కెమెరాని నీటి కిందికి తిరగేసి సీన్‌ని ఇంకోసారి గీయండి, ప్లేనార్ రిఫ్లెక్షన్. గోపురం తెగదు, సాగదు. పడవ అడుగు కూడా వస్తుంది. నీళ్ళలో కనిపించేది పడవ అడుగు, కెమెరాకి కనిపించేది పైభాగం. ఎస్ఎస్ఆర్‌కి అది ఎప్పటికీ దొరకదు.

డెప్త్ బాబాయ్
పడవ మాట ఒప్పుకుంటా. కానీ సీన్‌ని రెండోసారి గీయడం ఫోన్‌లో ఎంత బరువో తమరికి తెలియనిది కాదు.

సూళ్ళూరుపేట షేడర్
సగం రిజల్యూషన్‌లో, గోపురం, గట్టు, పడవ మాత్రమే గీస్తే చాలు కదా. ఎస్ఎస్ఆర్ మాత్రం ఫ్రీగా వస్తోందా?

కావలి కుర్రోడు
నాది గుంటలున్న రోడ్డు, వాన సీను. ఒక్కో గుంట ఒక్కో ఎత్తులో ఉంది. ఒక్కోదానికి సీన్ గీస్తే ఫోన్ పెనం అయిపోద్ది. నేను ఎస్ఎస్ఆర్‌తోనే ఉంటా. ప్రోబ్ కూడా పెడతాలే.

పెన్నాగట్టు
బాక్స్ పెట్టా, `lerp` మార్చా. 20 డిగ్రీలు వంచినా గోపురం నిలబడింది, అతుకు దాదాపు తెలీడం లేదు. పడవ ముందుకొచ్చినప్పుడు మాత్రం దాని వెనక గోపురంలో పడవ ఆకారంలో ఒక కన్నం పడుతోంది. ఎస్ఎస్ఆర్‌లో థిక్‌నెస్ పెంచితే కన్నం పోయి నల్లటి చార వస్తోంది.

డెప్త్ బాబాయ్
డెప్త్ బఫర్‌లో ఉండేది కెమెరాకి ముందుగా కనిపించేదాని దూరమే, పడవ వెనక ఏముందో దానికి తెలీదు నాయనా. థిక్‌నెస్ ఎక్కువైతే పడవ గోడంత మందం అనుకుంటుంది, అందుకే చార. పడవ మందానికి దగ్గరగా, మీటరో మీటరున్నరో పెట్టు. మిగిలిన కన్నంలో `conf` సున్నా చేసి ప్రోబ్‌కి వదిలెయ్. కొంచెం తేడా ఉంటుంది.

సూళ్ళూరుపేట షేడర్
ప్లేనార్ అయితే ఆ తేడా కూడా ఉండదు. రెండూ కట్టి, నీ ఫోన్‌లోనే ఫ్రేమ్ టైమ్ కొలిచి ఇక్కడ పెట్టు తమ్ముడూ, అప్పుడు మాట్లాడదాం.