60–40 పోర్ట్‌ఫోలియో: రిటర్న్ సరిపోయింది, రిస్క్ ఎందుకు సరిపోవడం లేదు?

కామర్స్ విద్యార్థిని
నమస్తే అండి. డబ్బులో 60 శాతం షేర్ల ఫండ్‌లో, 40 శాతం బాండ్ల ఫండ్‌లో పెట్టామని లెక్క. షేర్ల ఫండ్‌కు ఆశించే రిటర్న్ 12 శాతం, స్టాండర్డ్ డీవియేషన్ 20 శాతం. బాండ్ల ఫండ్‌కు 7, 8. కోరిలేషన్ 0.2. రిటర్న్ 0.6 × 12 + 0.4 × 7 = 10 వచ్చింది, అది సరిపోయింది. రిస్క్ కూడా అలాగే వేస్తే 0.6 × 20 + 0.4 × 8 = 15.2 వస్తోంది. జవాబులో 13.02 ఉంది. రిటర్న్‌కు పనికొచ్చిన పద్ధతి రిస్క్‌కు ఎందుకు పనికిరాదు?

ఫండ్ ఇన్వెస్టర్
కోరిలేషన్ మైనస్‌లో ఉంటేనే రిస్క్ తగ్గుతుందండి. ఇక్కడ ప్లస్ 0.2 కాబట్టి రెండూ ఒకే దిక్కుకు కదులుతాయి. జవాబు తప్పుగా అచ్చయిందేమో చూడండి.

రిస్క్ డెస్క్
జవాబు సరైనదే. మైనస్ అయితే రిస్క్ ఇంకా బాగా తగ్గుతుందన్నది నిజం, కానీ తగ్గడానికి మైనస్ అక్కర్లేదు. కోరిలేషన్ 1 కంటే కాస్త తక్కువున్నా చాలు. అమ్మాయి వేసిన 15.2 సరిగ్గా కోరిలేషన్ 1 అయినప్పుడు వచ్చే అంకె. అంటే షేర్లకు చెడ్డ ఏడాది వచ్చిన ప్రతిసారీ బాండ్లకు కూడా అదే మోతాదులో చెడ్డ ఏడాది రావాలి. 0.2 దగ్గర అలా జరగదు. ఒకటి బాగా పడిన ఏడాది రెండోది చాలాసార్లు మామూలుగానో పైకో ఉంటుంది, కాబట్టి ఊగిసలాటలో కొంత భాగం ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. సగటు రిటర్న్‌లో అలా కొట్టుకుపోయేది ఏమీ లేదు, అందుకే అక్కడ నేరుగా కలిపితే సరిపోయింది.

ముందు ఒక్కోదాన్ని దాని వాటాతో గుణించండి: షేర్లవి 12, బాండ్లవి 3.2. తర్వాత:

```
12²             = 144
3.2²            = 10.24
2 × 12 × 3.2 × 0.2 = 15.36
మొత్తం (వేరియన్స్) = 169.60
√169.60         = 13.02
```

మూడో వరుసలో ఆ 2 మర్చిపోతే 12.72 వస్తుంది. పరీక్షల్లో ఎక్కువమంది జారేది అక్కడే. జవాబును ఇలా సరిచూసుకోండి: ఇలా రెండూ కొన్న పోర్ట్‌ఫోలియోలో అది 12 + 3.2 = 15.2 దాటకూడదు, 12 − 3.2 = 8.8 కంటే తగ్గకూడదు. బయటికి పోయిందంటే శాతాన్నీ దశాంశాన్నీ కలిపేసి ఉంటారు, లేదా కోరిలేషన్ బదులు కోవేరియన్స్ వేసి ఉంటారు.

నెలవారీ మదుపరి
నా ఫండ్లకు కూడా ఇలాగే వేశాను. షేర్ల ఫండ్ డీవియేషన్ 5 శాతం, బాండ్లది 8 అని వచ్చింది. అంటే షేర్లకే రిస్క్ తక్కువ. మరి డబ్బంతా షేర్లకు మార్చేయొచ్చా?

రిస్క్ డెస్క్
ఆగండి, ఆ 5 నెలవారీ రిటర్న్‌ల నుంచి తీసినదేమో చూడండి. నెలది ఏడాదికి మార్చాలంటే 12తో కాదు, 12 వర్గమూలంతో, అంటే సుమారు 3.46తో గుణించాలి. 5 అలా 17.3 అవుతుంది. ఒక నెల కదలికకూ తర్వాతి నెలకూ సంబంధం లేదనుకున్నప్పుడే ఈ మార్పిడి సరిపోతుంది. రెండు ఫండ్లనూ ఒకే కాలానికి తెచ్చాకే పోల్చండి.

కామర్స్ విద్యార్థిని
అర్థమైంది సార్. మరి రిస్క్ అసలే వద్దనుకునేవాళ్లు మొత్తం బాండ్లలోనే ఉంచితే అన్నిటికంటే తక్కువ కదా, 8?

రిస్క్ డెస్క్
ఈ అంకెలతో కాదమ్మా. 8 శాతం షేర్లు, 92 శాతం బాండ్లు పెట్టి చూడు: 1.6, 7.36 వస్తాయి. వాటిని పై పద్ధతిలో వేస్తే వేరియన్స్ 61.44, రిస్క్ 7.84. రిటర్న్ 7 నుంచి 7.4కి పెరిగింది, రిస్క్ 8 కంటే తగ్గింది! చిన్న రిస్క్‌ను పెద్ద రిస్క్‌తో భాగించు: 8 ÷ 20 = 0.4. కోరిలేషన్ 0.4 కంటే తక్కువున్నంతవరకే ఇలా కుదురుతుంది. 0.4 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే అన్నిటికంటే తక్కువ రిస్క్ మొత్తం బాండ్లదే.

ఫండ్ ఇన్వెస్టర్
ఒప్పుకుంటున్నాను. కానీ ఆ 0.2 నమ్మదగినదేనా? 2022లో వడ్డీ రేట్లు పెరిగినప్పుడు అమెరికాలో షేర్లు, బాండ్లు కలిసే పడ్డాయి.

రిస్క్ డెస్క్
సరైన ప్రశ్న. 0.6 వేసి చూస్తే 60–40 రిస్క్ 14.15 అవుతుంది. రిటర్న్ మాత్రం 10 దగ్గరే ఉంటుంది, కోరిలేషన్ దాన్ని తాకదు. నేను 0.2, 0.6 రెండింటితోనూ వేసి రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటాను.

ఫండ్ ఇన్వెస్టర్
వెనక్కి ఎన్నేళ్ల డేటా తీసుకోవాలి? మూడేళ్లకు ఒక కోరిలేషన్, పదేళ్లకు ఇంకొకటి వస్తోంది.

రిస్క్ డెస్క్
దీనికి అందరూ ఒప్పుకునే అంకె లేదండి. నేను పొడవైన కాలాన్నే తీసుకుంటాను. నా పక్కన పనిచేసేవాళ్లు ఈమధ్య డేటాకే ఎక్కువ బరువు ఇస్తారు. వాళ్ల వాదనలోనూ పస ఉంది.