భాగహారం లేకుండా మిగతావాటి లబ్ధం: సున్నాలను విడిగా లెక్కపెట్టాలా, వద్దా?

కొత్తకలం

పూర్ణాంకాల ఎర్రే ఒకటి ఇస్తారు. ప్రతి స్థానంలో ఆ అంకె తప్ప మిగతావన్నీ గుణిస్తే వచ్చేది పెట్టాలి. భాగహారం వాడకూడదు, సున్నాలు ఉండొచ్చు. నేను ముందు సున్నాలు లెక్కపెట్టి, ఒకటుంటే ఒకలా, రెండుంటే ఇంకోలా రాశాను. ఇంటర్వ్యూ చేసినాయన "సున్నాల కోసం ఒక్క if కూడా అక్కర్లేదు" అన్నారు. నా స్నేహితుడేమో లెక్కపెట్టడమే సరైన పద్ధతి అంటున్నాడు. ఎవరి మాట కరెక్ట్?

నిప్పురవ్వ

మీ స్నేహితుడి మాటే కరెక్ట్ అండి. సున్నాలు రెండో అంతకంటే ఎక్కువో ఉంటే, ఏ స్థానం తీసుకున్నా మిగతావాటిలో కనీసం ఒక సున్నా మిగులుతుంది. కాబట్టి జవాబంతా సున్నాలే. ఒక్కటే ఉంటే ఆ సున్నా ఉన్న చోట మాత్రం మిగతావాటి లబ్ధం వస్తుంది, మిగతా అన్నిచోట్లా సున్నాయే. ఈ రెండింట్లో భాగహారం ఊసే లేదు. సున్నాయే లేకపోతే మొత్తం లబ్ధాన్ని `a[i]`తో భాగిస్తే అయిపోయింది. చదివేవాళ్లకు కూడా ఇట్టే అర్థమవుతుంది.

సరళరేఖ

నిప్పురవ్వ గారూ, మొదటి రెండు సందర్భాల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. చిక్కంతా మూడోదానిలోనే ఉంది. అక్కడ మీరు భాగించారు, ప్రశ్నలో వద్దన్నది సరిగ్గా దాన్నే. భాగహారం తీసేస్తే, సున్నాలు లేని ఎర్రే కోసం ఎలాగూ ఎడమవైపు లబ్ధానికి ఒక లూపు, కుడివైపు లబ్ధానికి ఒక లూపు రాయక తప్పదు. అవి రాశాక మొదటి రెండు సందర్భాలూ వాటంతట అవే సరిగ్గా వచ్చేస్తాయి. ఇక లెక్కపెట్టి సాధించేదేముంది?

```java
int left = 1;
for (int i = 0; i < n; i++) {
    out[i] = left;
    left *= a[i];
}
int right = 1;
for (int i = n - 1; i >= 0; i--) {
    out[i] *= right;
    right *= a[i];
}
```

`[4, -2, 0, 5]` మీద నడిపి చూడండి. మొదటి లూపు అయ్యేసరికి `out`లో 1, 4, -8, 0 ఉంటాయి, అంటే ఒక్కో స్థానానికి ఎడమపక్కన ఉన్నవాటి లబ్ధం. రెండో లూపు కుడి చివర నుంచి మొదలవుతుంది. చివరి స్థానంలో `right` ఇంకా 1 కాబట్టి 0 అలాగే ఉంటుంది. ఆ తర్వాత `right` 5 అవుతుంది. ఇప్పుడు సున్నా ఉన్న స్థానానికి వచ్చాం: -8ని 5తో గుణిస్తే -40. ఆ సున్నా `right`లోకి చేరేది ఈ గుణకారం అయ్యాకే. అక్కణ్నుంచి ఎడమకు అన్నీ సున్నాలే. జవాబు 0, 0, -40, 0.

భాగహారం అంటే ఒకసారి కలిపేసినదాన్ని వెనక్కి తీయడం. సున్నాతో గుణించాక చేతిలో మిగిలేది సున్నానే. అందులోంచి -40ని తిరిగి రాబట్టే దారి ఏదీ లేదు. ఈ రెండు లూపుల్లో మనం ఏదీ వెనక్కి తీయం, ఎందుకంటే `a[i]`ని దాని స్థానపు జవాబులో అసలు కలపనే కలపం. అందుకే ఇక్కడ సున్నా కూడా 5 లాగా ఇంకో అంకె, అంతే.

చిన్నగీత

ఇంత అవసరం లేదేమో. సున్నా వస్తే దాన్ని గుణించకుండా వదిలేస్తే సరిపోదా? నేను రెండు లూపుల్లోనూ `if (a[i] != 0)` పెట్టాను. జవాబులో ఒక్క సున్నా కూడా రాలేదు, బాగానే పనిచేస్తోంది.

సరళరేఖ

మీరు లెక్కకట్టింది "మిగతావాటిలో సున్నా కానివాటి లబ్ధం", అది వేరే ప్రశ్న. పైన ఇచ్చిన ఎర్రేకే మీ కోడు -10, 20, -40, -8 ఇస్తుంది. మొదటి స్థానం చూడండి. మిగతావి -2, 0, 5. వాటిని గుణిస్తే 0 రావాలి, మీకు -10 వచ్చింది. సున్నాలున్న ఇన్‌పుట్‌కి జవాబులో సున్నాలు రావడం తప్పు కాదు, రాకపోతేనే అనుమానించాలి.

దీనికి సరిగ్గా ఎదురు తప్పు ఇంకోటుంది, కొత్తగా రాసేవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. లూపులోని రెండు వరుసలూ తారుమారైతే, అంటే ముందు `left *= a[i]` చేసి తర్వాత `out[i]`లో పెడితే, ప్రతి అంకె తన జవాబులో తానే చేరిపోతుంది. ఒకే సున్నా ఉన్న ఎర్రే ఇచ్చి చూస్తే వెంటనే దొరుకుతుంది: -40 రావాల్సిన చోట కూడా 0 వచ్చి, జవాబు మొత్తం సున్నాలైపోతుంది. రెండు సున్నాలున్న ఎర్రేతో మాత్రమే టెస్ట్ చేస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు, ఎందుకంటే అక్కడ సరైన జవాబు కూడా అన్నీ సున్నాలే.

నిప్పురవ్వ

సరే, ఇంటర్వ్యూలో వద్దన్నారు కాబట్టి మానేద్దాం. కానీ నిజమైన పనిలో ఎవరూ అలా అడ్డుపడరు కదా. సున్నాల లెక్క పెట్టుకుని భాగిస్తే వచ్చే నష్టమేంటో చెప్పండి.

సరళరేఖ

`[2048, 2048, 2048]` తీసుకోండి, జావాలో, `int`తో. ప్రతి స్థానానికీ జవాబు 4194304. అది `int`లో హాయిగా పడుతుంది. కానీ మొత్తం లబ్ధం 2 పవర్ 33, 32 బిట్లలో దాన్ని కుదిస్తే మిగిలేది 0. మీ సున్నాల లెక్క "సున్నాలు లేవు" అంటుంది, ఆపైన 0ని 2048తో భాగిస్తారు, జవాబు 0, 0, 0. ఎర్రర్ లేదు, ఎక్సెప్షన్ లేదు, చూడ్డానికి మామూలు జవాబులాగే ఉంటుంది. ఇంకొందరు లెక్క పెట్టకుండా `total == 0` అయితే ఎర్రేలో సున్నా ఉన్నట్టే అనుకుంటారు. వాళ్ల కోడు ఇక్కడ లేని సున్నా కోసం వెతుకుతుంది.

రెండు లూపుల్లో కూడా `left` చివర్లో ఒకసారి 0 అవుతుంది. కానీ ఆ విలువను తర్వాత ఎవరూ చదవరు. C++లో అయితే ఆ చివరి గుణకారం కూడా జరగకుండా చూసుకోవాలి, ఎందుకంటే అక్కడ `int` ఓవర్‌ఫ్లో అయితే ప్రోగ్రామ్ ఏం చేస్తుందనే దానికి భాష హామీ ఇవ్వదు.

నిప్పురవ్వ

మొత్తాన్ని `long`లో పెట్టుకుంటే పోయేదానికి ఇంత దూరం ఎందుకండీ? జవాబులన్నీ `int`లో పడతాయంటే మొత్తం లబ్ధం అంటే ఒక జవాబు ఇంటూ ఒక అంకె. రెండూ 32 బిట్లే. వాటి లబ్ధం 64 బిట్లు దాటదు.

సరళరేఖ

ఈ వాదన గట్టిది, ఒప్పుకుంటున్నాను. జవాబులు `int`లో పడతాయన్న హామీ ఉంటే `long` చాలు. రెండు సున్నాలున్నప్పుడు సున్నా కానివాటి లబ్ధం `long` కూడా దాటిపోవచ్చు, అయితే అప్పుడు ఆ విలువ వాడరు కాబట్టి జావాలో ఇబ్బంది లేదు. కానీ జవాబులే `long` అయిన రోజున ఇదే గొడవ ఇంకో మెట్టు పైన మళ్లీ మొదలవుతుంది. రెండు లూపుల పద్ధతిలో జవాబు ఏ టైపులో పడితే ఆ టైపు చాలు, ఇంకో సైజు పెద్దది వెతుక్కోనక్కర్లేదు.

తెరచాప

మా టీమ్‌లో ఇదే కోడు జావాస్క్రిప్ట్‌లో ఉంది. సున్నాలున్న ఎర్రేలకే టెస్టులు ఫెయిలయ్యేవి. ఫెయిలైన చోట చూస్తే రావాల్సింది `0`, వచ్చింది `-0`. చాలాసేపు మా అల్గారిదమ్‌నే అనుమానించాం. ఇది ఇంకెవరికైనా ఎదురైందా?

సరళరేఖ

అల్గారిదమ్‌లో తప్పు లేదు. జావాస్క్రిప్ట్‌లో అంకెలన్నీ ఫ్లోటింగ్ పాయింట్, అందులో సున్నాకి కూడా గుర్తు ఉంటుంది. -8ని 0తో గుణిస్తే `-0` వస్తుంది. పై ఎర్రేనే మీ కోడులో పెడితే `[-0, 0, -40, -0]` వస్తుంది. `===` ఈ రెండు సున్నాలనూ ఒకటే అంటుంది. `Object.is` కాదంటుంది. జెస్ట్‌లో `toEqual` పోల్చేది `Object.is` పద్ధతిలోనే కాబట్టి మీ టెస్టు ఫెయిలైంది. జవాబు పెట్టేటప్పుడు `+ 0` కలిపితే చాలు, `-0 + 0` అంటే `0`.

తెరచాప

అంటే చివరికి సున్నా కోసం ఏదో ఒకటి రాయాల్సి వచ్చిందన్నమాట.

సరళరేఖ

రాయాల్సి వచ్చింది, నిజమే. కానీ అది ఆ భాషలో అంకెలు ఉండే తీరు వల్ల. జావా `int`లో ఆ అవసరం లేదు.

తూకం

అందరూ ఎర్రే ఒకసారి వచ్చి ఆగిపోతుందనుకుని మాట్లాడుతున్నారు. మా దగ్గర అంకెలు మారుతూనే ఉంటాయి. ఒక్క అంకె మారినప్పుడల్లా రెండు లూపులూ మొదట్నుంచీ తిప్పితే ఎలా? అక్కడ నిప్పురవ్వ గారి పద్ధతే నెగ్గుతుంది. సున్నాల సంఖ్య, సున్నా కానివాటి లబ్ధం, ఈ రెండే దాచుకుంటాం. పాతది సున్నా అయితే సంఖ్య ఒకటి తగ్గిస్తాం, కాకపోతే లబ్ధాన్ని దానితో భాగిస్తాం. ఆపైన కొత్తదాన్ని కలుపుతాం. ఎర్రే ఎంత పెద్దదైనా పని అంతే.

సరళరేఖ

మారుతూ ఉండే ఎర్రేకి నా రెండు లూపులు పనికిరావు, అందులో సందేహం లేదు. కానీ దానికీ భాగహారం లేని దారి ఉంది. సెగ్మెంట్ ట్రీలో ప్రతి కొమ్మ దగ్గరా దాని కిందివాటి లబ్ధం ఉంచుతాం. ఒక అంకె మారితే ఆకు నుంచి వేరు దాకా ఆ ఒక్క దారిలో ఉన్నవే మళ్లీ గుణించాలి. లక్ష అంకెలకు అది సుమారు 17 గుణకారాలు. సున్నా వచ్చినా పోయినా విడిగా ఏమీ చూసుకోనక్కర్లేదు, ఎందుకంటే అక్కడా ఏదీ వెనక్కి తీయం.

తూకం

17 గుణకారాలకీ, ఒక భాగహారం ఒక గుణకారానికీ తేడా ఉంది కదండీ. పైగా ఆ ట్రీకి మెమరీ వేరే.

సరళరేఖ

మీ అంకెలు పూర్ణాంకాలై, సున్నా కానివాటి లబ్ధం ఎప్పటికీ టైపు దాటదని మీకు తెలిస్తే మీ పద్ధతే వాడండి, నేను వద్దనను. దశాంశాలైతే మాత్రం ఒప్పుకోను. ప్రతి భాగహారంలోనూ కొంత రౌండింగ్ తేడా వస్తుంది, అది తర్వాతి లబ్ధంలోకి చేరుతుంది, అలా పేరుకుంటూ పోతుంది. ట్రీలో పాత విలువ జాడ మిగలదు.

తూకం

మావి దశాంశాలే. కానీ మేం కొన్ని మార్పులకోసారి లబ్ధాన్ని మొదట్నుంచీ కట్టేస్తాం. ఇప్పటిదాకా ఇబ్బంది రాలేదు. ట్రీ పెట్టేంత కారణం నాకింకా కనిపించడం లేదు.

కొత్తకలం

చాలా క్లియర్‌గా ఉంది, అందరికీ థ్యాంక్స్. ఒక్కటి మిగిలింది. ఎర్రేలో ఒకే అంకె ఉండి అది సున్నా అయితే? నా పాత కోడు 0 ఇచ్చింది, రెండు లూపులది 1 ఇస్తోంది.

సరళరేఖ

1 సరైనది. మిగతావి ఏమీ లేవు, ఏమీ గుణించకపోతే లబ్ధం 1. `left`, `right` రెండూ 1తో మొదలయ్యేది అందుకే.

నిప్పురవ్వ

గణితం ప్రకారం సరే. కానీ వాడేవాళ్లు `[0]` ఇచ్చి 1 చూస్తే బగ్ అనుకుంటారు. కనీసం రెండు అంకెలు ఉండాలని ముందే ఎర్రర్ ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

సరళరేఖ

అది ఫంక్షన్ ఎవరి కోసం రాస్తున్నామో దాన్ని బట్టి తేల్చుకోవాలి. ఎర్రర్ ఇస్తారా, 1 ఇస్తారా అన్నది మీ ఇష్టం, 0 మాత్రం ఇవ్వకండి.