దసరా అమ్మకాల ప్రారంభం రోజున దుకాణం ముందు మాట్లాడటానికి చిన్న ప్రసంగం కావాలి

బట్టల దుకాణం, విజయనగరం:
పెద్దలందరికీ నమస్కారం. గంటస్తంభానికి దగ్గర్లోని ఒక వీధిలో మాకు బట్టల దుకాణం ఉంది. నాన్నగారు 22 ఏళ్లుగా నడుపుతున్నారు. ఈ దసరాకు మొదటిసారిగా అమ్మకాల ప్రారంభాన్ని చిన్న వేడుకగా చేయాలనుకుంటున్నాము. శుక్రవారం 10:30కి రాహుకాలం మొదలవుతుంది కాబట్టి, ఉదయం 9:30కే అందరినీ రమ్మన్నాము. మా వీధి వారు, పక్క రెండు వీధుల వారు కలిసి నలభై మంది వరకు రావచ్చు. నాన్నగారికి పదిమందిలో మాట్లాడే అలవాటు లేనందున నేనే మాట్లాడాలి. నేను రాసుకున్నది ఇది: “వేదికను అలంకరించిన పెద్దలకు, విచ్చేసిన వినియోగదారులకు నమస్సుమాంజలులు. మా సంస్థ గత 22 సంవత్సరాలుగా నాణ్యమైన సేవలందిస్తూ, మీ కష్టకాలంలో అరువుపై బట్టలిచ్చి ఆదుకుంటూ వచ్చింది. ఈ పర్వదినాన అన్ని రకాల వస్త్రాలపై భారీ తగ్గింపులు ప్రకటిస్తున్నాము.” చదువుకుంటే ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టు ఉంది. దీనిని ఎలా సరిచేయాలో దయచేసి చెప్పగలరు.

రెడీమేడ్ షోరూమ్ ఉద్యోగి, చీపురుపల్లి:
మీ ప్రసంగంలో ధర ఎక్కడా లేదు, అసలు లోపం అదే. వచ్చినవారు ఎదురుచూసేది ఎంత తగ్గిస్తున్నారన్న మాట కోసమే. కాబట్టి నమస్కారం కాగానే “50 శాతం వరకు తగ్గింపు” అని గట్టిగా చెప్పండి. ఏ సరుకుపై ఎంత, ఏ సరుకుపై లేదు అన్న వివరాలు లోపల బోర్డు మీద రాసిపెడితే సరిపోతుంది. ప్రసంగంలో షరతులు చెబితే ఉత్సాహం చల్లబడుతుంది.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, బొబ్బిలి:
బాబూ, మా ప్రాంతంలో దుకాణాల ప్రారంభాలకు, గృహప్రవేశాలకు నన్ను మాట్లాడమని పిలుస్తుంటారు. ఆ అనుభవంతో చెబుతున్నాను. అన్నిటికంటే ముందు అరువు గురించిన వాక్యాన్ని పూర్తిగా కొట్టివేయండి. వచ్చిన నలభై మందిలో మీ ఖాతా పుస్తకంలో పేరున్నవారు కొందరు ఉంటారు. ఇరుగుపొరుగు వింటుండగా ఆ మాట చెవిన పడితే వారు తలదించుకుంటారు, పండగ బట్టలకు మరో దుకాణం వెతుక్కుంటారు. మీరు ఆదుకున్నారని చెప్పే చోట, వారు మిమ్మల్ని నమ్మి వచ్చారని చెప్పండి. సంగతి ఒకటే అయినా, ఇలా చెబితే గౌరవం వారికి దక్కుతుంది.

చీపురుపల్లి మిత్రులు ధర చెప్పాలన్నది నిజమే, అందులో సందేహం లేదు. అయితే పరిమితిని బోర్డుకు వదిలేయడం పేటలోని దుకాణానికి పనికిరాదు. “అన్ని రకాలపై” అని మైకులో విన్న మనిషి, బిల్లు దగ్గర “దీనికి లేదండి” అన్న మాట వింటే, ఆ క్షణంలోనే గొడవ మొదలవుతుంది, వెనుక వరుసలో నిలబడినవారంతా అది వింటారు. దేనిపై తగ్గింపు లేదో మీరే ముందుగా ఒక్క వాక్యంలో చెప్పేస్తే, మిగతా ధరల మీద కూడా నమ్మకం కుదురుతుంది. శాతాలను రూపాయల్లోకి మార్చి చెప్పండి, ఎందుకంటే నిలబడి వినేవారు మనసులో లెక్కవేసుకోరు. మీరు దేనిపై ఎంత తగ్గిస్తున్నారో ఇక్కడ రాస్తే మిగతాది చూద్దాం.

కిరాణా వ్యాపారి, ఆమదాలవలస:
నేను కూడా సంక్రాంతికి ఆటోలో మైకు పెట్టి ఊరంతా తిప్పుదామనుకుంటున్నాను. మాస్టారు, నూనె, బెల్లం, కందిపప్పు ధరలన్నీ వచ్చేలా నాకూ ఇటువంటి ప్రసంగం ఒకటి రాసిపెట్టగలరా?

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, బొబ్బిలి:
అయ్యా, మీకు కావలసింది వేరు. ఆటో ఇంటి ముందు నుంచి సాగిపోయే లోపు చెవిన పడేది రెండు మూడు వాక్యాలే. దుకాణం పేరు, ఒక సరుకు ధర, వీధి గుర్తు చెప్పి, అవే మాటలు మళ్లీ మళ్లీ వినిపించాలి. మైకుకు పోలీసుల అనుమతి ముందే తీసుకోండి. ఆ విషయం విడిగా అడిగితే వివరంగా చెబుతాను.

బట్టల దుకాణం, విజయనగరం:
చీరలపై 10 శాతం, పిల్లల బట్టలపై 15 శాతం తగ్గిస్తున్నాము మాస్టారు. పొందూరు ఖద్దరుపైన, స్కూలు యూనిఫాంలపైన తగ్గింపు లేదు. సిరిమానోత్సవం ముందు రోజు వరకు ఉంచుదామని నాన్నగారు అన్నారు. రిబ్బను కత్తిరించడానికి మా వీధిలోని పెద్దావిడను ఒకరిని పిలిచాము. మా దుకాణంలో మొదటి రోజు చీర కొన్నది ఆవిడే.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, బొబ్బిలి:
ఇంత మంచి సంగతిని మీ ప్రసంగంలో చెప్పనేలేదేమిటి బాబూ! “నాణ్యమైన సేవలు” అనే మాట ఏ దుకాణమైనా చెప్పుకుంటుంది. మొదటి చీర కొన్న మనిషి ఎదురుగా నిలబడి ఉండటం మీ ఒక్కరికే ఉన్న భాగ్యం. గడువును తేదీతో కాక, “తొలేళ్ల సోమవారం రాత్రి వరకు” అని చెప్పండి. విజయదశమి తరువాత వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను, ముందు రోజు తొలేళ్లు అని మీ ఊళ్లో పసిపిల్లలకూ తెలుసు. ఇంటికి చుట్టాలు దిగేది కూడా అప్పుడే కాబట్టి, ఆ గడువును ఎవరూ మరచిపోరు. ఇలా ప్రయత్నించి చూడండి:

“మా వీధి పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, పిల్లలకు దసరా శుభాకాంక్షలు. పొద్దున్నే పనులు పక్కనపెట్టి మా మాట మన్నించి వచ్చారు, చాలా సంతోషం. 22 ఏళ్ల క్రితం నాన్నగారు ఈ తలుపు తీసిన రోజున మొదటి చీర కొన్న అమ్మగారు ఈ రోజు కూడా మన మధ్య ఉన్నారు. ఆ రోజు నుంచి మీరందరూ మమ్మల్ని నమ్మి వస్తున్నారు. ఈ పండక్కి 1,200 రూపాయల చీర 1,080కి, 600 రూపాయల పిల్లల గౌను 510కి ఇస్తున్నాము. మిగతా చీరలకు, పిల్లల బట్టలకు కూడా ఇదే లెక్క. పొందూరు ఖద్దరుకు, స్కూలు యూనిఫాంలకు మాత్రం మామూలు ధరే. తొలేళ్ల సోమవారం రాత్రి వరకు ఈ ధరలు ఉంటాయి. ఇప్పుడు అమ్మగారు తమ చేతులతో రిబ్బను కత్తిరించి, మనందరినీ లోపలికి తీసుకువెళ్లాలని కోరుతున్నాను.”

ఇది నింపాదిగా చదివినా రెండు నిమిషాలు దాటదు. ఇదంతా రిబ్బను కత్తిరించక ముందే పూర్తికావాలి. తలుపు తెరిచిన తరువాత ఎవరి చూపైనా చీరల మీదే ఉంటుంది, ఎంత బాగా మాట్లాడినా వినరు. మీ దుకాణం తూర్పు ముఖం అయితే, 9:30కి ఎండ సరిగ్గా మీ కళ్లలో పడుతుంది. ఫోను చూసి చదువుదామంటే అక్షరాలు కనిపించవు. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ధరలు, గడువు మాత్రం రాసుకోండి, మిగతాది నోటికి వచ్చేదే. పెద్దావిడకు కుర్చీ వేయించడం మరవకండి.

గృహిణి, విజయనగరం కంటోన్మెంట్:
ప్రసంగం బాగుంది మాస్టారు, కాని మాకు అవసరమైన మాట ఒకటి అందులో లేదు. పిల్లలకు కొన్న బట్టలు ఇంటికి వెళ్లాక పట్టకపోతే మార్చి ఇస్తారా, ఇవ్వరా? కిందటి పండక్కి ఒక దుకాణంలో తగ్గింపులో కొన్నవి మార్చబోమని కొన్న తరువాత చెప్పారు. అప్పటి నుంచి నేను ముందు అదే అడుగుతున్నాను.

రెడీమేడ్ షోరూమ్ ఉద్యోగి, చీపురుపల్లి:
అమ్మా, పండగ రద్దీలో మార్పిళ్లు పెట్టుకుంటే కౌంటరు దగ్గర బిల్లులే ముందుకు సాగవు. ఆ మాట ప్రసంగంలో చెబితే, కొనకముందే అందరూ మార్పు గురించే ఆలోచిస్తారు. పరిమితి విషయంలో మాస్టారి మాట ఒప్పుకుంటాను కాని, దీన్ని మాత్రం ఒప్పుకోలేను.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, బొబ్బిలి:
ఇది ప్రసంగంతో తేలే విషయం కాదు, దుకాణం శక్తిని బట్టి తేలేది. మార్చగలిగితే “బిల్లు తెస్తే పిల్లల బట్టలు మధ్యాహ్నం పూట మారుస్తాము” అన్న వాక్యాన్ని ధరల తరువాత చేర్చండి. మార్చలేకపోతే, అది కూడా అక్కడే చెప్పండి.

బట్టల దుకాణం, విజయనగరం:
అందరికీ కృతజ్ఞతలు. అరువు వాక్యం తీసేశాను, అట్టముక్క కూడా రాసుకున్నాను. మధ్యాహ్నాలు మార్పిళ్లు చూడటానికి మా పిన్ని కొడుకు వస్తానన్నాడు గాని, నాన్నగారు ఇంకా సరే అనలేదు. ఈ రాత్రి దుకాణం మూసిన తరువాత మళ్లీ అడుగుతాను.