భృతి వచ్చినా ఆ ఇల్లు ఎందుకు గట్టెక్కదు?

శ్రీధర్:
వైకల్యం ఉన్నవాళ్లకు చాలా దేశాల్లో నెలనెలా ఎంతో కొంత భృతి వస్తోంది కదా. అయినా ఆ ఇళ్లు పేదరికంలోనే ఉంటున్నాయి. ఇచ్చేది తక్కువ కాబట్టా, లేక ఇచ్చే పద్ధతిలోనే తేడా ఉందా? మొత్తం పెంచితే సరిపోతుందంటారా?

రమణమూర్తి:
పంచడంలోనే ఉంది తప్పు. ఉన్నవాడికీ లేనివాడికీ ఒకేలా పంచితే లేనివాడికి చాలదు. ఆదాయం చూసి, బాగా కిందున్న వాళ్లకే గట్టిగా ఇవ్వాలి. ఇంకో మాట అంటే కొందరికి కోపం రావచ్చు. వైకల్యం వల్ల ఖర్చు బాగా పెరుగుతుందని అందరూ అంటారు గానీ, ఇంటి ఖర్చుల పద్దులు తిరగేస్తే ఆ ఇళ్లు మిగతా ఇళ్లకంటే భారీగా ఖర్చు చేస్తున్నట్టు చాలాచోట్ల కనిపించదు. వైద్యం, మందుల దగ్గర తేడా ఉంటుంది, అంతే. కాబట్టి నా లెక్కలో ఇది సంపాదన సమస్య, ఖర్చు సమస్య కాదు.

వెంకట్:
ఉద్యోగాల్లో కోటాలు ఉన్నాయిగా? చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంటే భృతితో పనేముంది? ఊరికే ఇస్తే పనిచేయాలన్న కోరిక పోతుంది.

చక్రాలబండి:
వెంకట్ గారూ, ప్రశ్న కోటాల గురించి కాదు. అయినా ఉద్యోగం మాట ఎత్తారు కాబట్టి నా సంగతి చెబుతాను.

పరంజా మీంచి పడ్డాను. నడుముకు తాడు కట్టుకోలేదు, అసలు ఇచ్చిందెవరు? నడుము కింద స్పర్శ పోయింది. మూత్రం దానంతట అది రాదు, రోజుకు ఐదుసార్లు క్యాథెటర్ పెట్టి తీసుకోవాలి. ఒకసారి వాడి పారేయాల్సిన గొట్టం అది. ఏడాదికి 1,825. నేను ఎన్ని కొన్నానో తెలుసా? వందలోపే. ఒక్కోదాన్ని కడిగి, మరగబెట్టి మళ్లీమళ్లీ వాడాను. చలిజ్వరం వచ్చి, మూత్రం మబ్బుగా, వాసనగా మారినప్పుడు ఆసుపత్రికి వెళ్లేవాణ్ణి.

కుర్చీలో వేసుకునే దిండు ఇంకో కథ. స్పర్శ లేనివాడికి అది సుఖం కోసం కాదు, ఎముక నొక్కుకుని చర్మం చచ్చిపోకుండా ఉండటానికి. లోపలి నురుగు వాడేకొద్దీ చదునైపోతుంది. నేను కూర్చుని ఉండగా నా భార్య దిండు కింద అరచెయ్యి పెట్టి చూసింది. కూర్చునే ఎముక చేతికి గట్టిగా తగిలింది. మార్చాలని ఆ రోజే తెలుసు. వచ్చే నెల చూద్దాంలే అన్నాను. అలా నాలుగు నెలలు గడిచాయి. పుండు పడింది. మూడు నెలలు బోర్లా పడుకున్నాను. గోదాములో లెక్కలు రాసే పని ఉండేది, అది పోయింది. నాకు చేయడానికి నా భార్య తన పనీ మానేసింది.

రమణమూర్తి గారూ, దిండు కొనని ఆ నాలుగు నెలల్లో మీ సర్వేవాళ్లు మా ఇంటికి వచ్చుంటే ‘ఇక్కడ అదనపు ఖర్చు లేదు’ అని రాసుకుని పోయేవాళ్లు.

సుభద్ర:
ఇళ్ల సర్వేల్లో చాన్నాళ్లు పనిచేశాను. చక్రాలబండి గారు చెప్పిన చివరి వాక్యమే అసలు చిక్కు. పద్దులో కనిపించేది పెట్టిన ఖర్చు, పెట్టాల్సిన ఖర్చు కాదు. డబ్బు లేనివాడు కొనడు, కొననిది పద్దుకెక్కదు. కొనుక్కోవడానికి సరుకే దొరకని చోట అయితే సున్నా. అందుకే ఈ లెక్కలు తీసినప్పుడు తరచు సంపన్న దేశాల్లోనే అదనపు ఖర్చు ఎక్కువగా తేలుతుంది. పేద దేశాల్లో అవసరం తక్కువని దానర్థం కాదు.

ఇందుకే కొందరు లెక్క తిప్పి వేస్తారు. ఎంత ఖర్చు పెట్టారని అడగరు, ఎలా బతుకుతున్నారని చూస్తారు. ఇంట్లో ఏ వస్తువులున్నాయి, అనుకోని ఖర్చొస్తే తట్టుకోగలరా, కాస్తయినా దాచగలుగుతున్నారా అని అడుగుతారు. ఒకే ఆదాయమున్న రెండిళ్లలో వైకల్యం ఉన్న ఇల్లు కిందిమెట్టులో కనిపిస్తే, పైమెట్టుకు చేరడానికి దానికి ఇంకెంత ఆదాయం కావాలో లెక్కగడతారు. ఆ తేడాయే అదనపు ఖర్చు. బ్రిటన్ విషయంలో వీబ్కె కుక్లిస్ అనే ఆర్థికవేత్త ఇలా వేసిన లెక్కను అమర్త్య సేన్ 2009లో ఉదహరించారు. అక్కడ మొత్తం జనంలో పేదలు 17.9 శాతం. వైకల్యం ఉన్న మనిషి ఉన్న కుటుంబాల్లో 23.1 శాతం. ఆ ఐదు శాతం తేడా చాలావరకు సంపాదన తగ్గడం వల్ల వచ్చింది. రమణమూర్తి గారు చూస్తున్నది అంతవరకే. అదనపు అవసరాలకయ్యే డబ్బును కూడా లెక్కలోకి తెస్తే అవే కుటుంబాల్లో 47.4 శాతం పేదరికంలో తేలారు. సంపాదన వల్ల వచ్చిన తేడా కంటే, అదే డబ్బు తక్కువ బతుకునివ్వడం వల్ల వచ్చిన తేడా చాలా పెద్దది.

ఈ పద్ధతికీ లోపాలున్నాయి, దాచను. ఏ వస్తువుల్ని బతుకుకు కొలమానంగా ఎంచుకున్నామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఆయన భార్య వదులుకున్న జీతం ఆదాయం తగ్గినట్టుగా కనిపిస్తుందే తప్ప వైకల్యం ఖర్చుగా కనిపించదు.

రమణమూర్తి:
సరే, పద్దుల మాట ఒప్పుకుంటాను. కానీ ఆదాయం చూసి ఇవ్వడంలో తప్పేంటో ఎవరూ చెప్పలేదు. డబ్బు అక్షయపాత్రలోంచి రాదు కదా.

సుభద్ర:
అంకెలతో చూద్దాం. ఇవి ఊహించినవే, ఏ దేశానివీ కావు. పేదరికపు గీత 100 అనుకోండి. భార్య సంపాదన 90. భర్త చక్రాల కుర్చీలో ఇంట్లో ఉంటాడు. గీత కిందున్నారు కాబట్టి భృతి 20 వస్తుంది. మొత్తం 110, వైకల్యం ఖర్చు 25, చేతిలో మిగిలేది 85.

ఇప్పుడు వెంకట్ గారు చెప్పినట్టు ఆయన ఉద్యోగంలో చేరాడు. జీతం 40. ఇంటి ఆదాయం 130 అయ్యింది, గీత దాటింది, భృతి ఆగింది. అంతటితో అయిపోలేదు. బస్సెక్కలేడు కాబట్టి రోజూ బండి మాట్లాడుకోవాలి. పొద్దున్నే తయారు చేయడానికి మనిషి కావాలి, ఎందుకంటే భార్యా అదే వేళకు బయల్దేరాలి. ఖర్చు 25 నుంచి 45 అయ్యింది. 130లో 45 తీస్తే మళ్లీ 85. నెలంతా పనిచేసినా అదే 85. కాగితం మీద మాత్రం ఇది 130 ఆదాయమున్న ఇల్లు, పేద ఇల్లు కాదు. పని మీద కోరిక లేదనడం తేలిక. ఇక్కడ పోయింది కోరిక కాదు, లాభం. ఆయన ఉద్యోగం చేస్తున్నా ఆ 20 అలాగే వచ్చి ఉంటే 105 అయ్యేది, నిజంగానే గీత దాటేవాళ్లు.

తప్పంతా ఒకే భృతి మీద రెండు పనులు మోపడంలో ఉంది. సంపాదన లేనివాడికి తిండిపెట్టేది ఒకటి. సంపాదన ఉన్నా లేకున్నా వైకల్యం వల్ల పడే ఖర్చు భరించేది ఇంకొకటి. మొదటిదానికి ఆదాయం చూడండి, న్యాయమే. రెండోదానికి చూస్తే ఆదాయాన్ని ఖర్చు తీయకుండా చూస్తున్నట్టు. బ్రిటన్ 1992లో రెండోదాన్ని విడిగా పెట్టింది, సంరక్షణకు ఒక భాగం, తిరగడానికి ఒక భాగం, ఆదాయంతో పనిలేకుండా. 2013 నుంచి పనిచేసే వయసువాళ్లకు దాని స్థానంలో ఇంకో పథకం వచ్చినా ఆ విభజన ఉంది. అయితే అక్కడా మొత్తాలు తరగతుల వారీగా ఖాయం, ఎవరికెంత ఖర్చవుతోందో దాన్నిబట్టి కాదు.

దాచుకున్న సొమ్ము మీద పెట్టే పరిమితి ఇంకా దారుణం. అమెరికాలో పేద వికలాంగులకిచ్చే ఎస్‌ఎస్‌ఐలో ఒంటరి మనిషి దగ్గర 2,000 డాలర్లకు మించి ఉండకూడదన్న గీత 1989 నుంచి కదల్లేదు. సొంతిల్లు, ఒక బండి లాంటివి అందులోకి రావు, 2014లో వచ్చిన ప్రత్యేక ఖాతా కొందరికి కొంత వెసులుబాటిచ్చింది. అయినా మామూలుగా కుర్చీ బాగుకోసం దాచుకోవాలంటే భయపడాల్సిందే.

అరుణ:
మా అబ్బాయికి వినికిడి లేదు. నెలల వయసులోనే యంత్రం పెట్టారు. యంత్రం ఒకసారి ఉచితంగా ఇచ్చారు, ఫొటో కూడా తీసుకున్నారు. పసిపిల్లల చెవి పెరుగుతూనే ఉంటుంది కాబట్టి చెవిలో పెట్టే అచ్చు కొద్ది నెలలకోసారి మార్చాలి. వదులైతే కూతపెడుతుంది, అదే గుర్తు. కూత భరించలేక వాడు పీకి పారేసేవాడు, మేమూ శబ్దం తగ్గించేసేవాళ్లం. అంటే యంత్రం ఉండీ వినపడని నెలలు. మాటలొచ్చే వయసులో పోయిన ఆ నెలలు తర్వాత వాడి చదువులో కనిపించాయి, చదువు తగ్గితే రేపు సంపాదనలో కనిపిస్తాయి.

భృతి మాత్రం వైకల్యం శాతం చూసి ఇచ్చారు. శాతం ఏడాది పొడుగునా అదే, ఖర్చు మాత్రం అలా లేదు. నాకు నగదు వద్దు. అచ్చులు, బ్యాటరీలు వేళకు ఇస్తే చాలు. నగదు ఇంట్లోకి వస్తే ముందు అద్దెకు పోతుంది.

సుభద్ర:
శాతం మాట సరిగ్గా పట్టుకున్నారు. శాతం శరీరాన్ని కొలుస్తుంది. ఖర్చు శరీరంలోనే లేదు. ఒకే శాతం ఉన్న ఇద్దరిలో మెట్ల మీద ఇల్లున్నవాడికీ, నేల మీద ఇల్లున్నవాడికీ ఖర్చు ఒకటి కాదు. ఎక్కగలిగే బస్సు వస్తే ఇందాకటి లెక్కలో ఆ 45 గణనీయంగా పడిపోతుంది, భృతి పైసా పెంచకుండానే. శ్రీధర్ గారి ప్రశ్నకు నా జవాబు అందుకే ‘పెంచితే సరిపోతుంది’ అన్నంత తేలిగ్గా రాదు.

చక్రాలబండి:
అరుణమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ వస్తువులే ఇవ్వమంటే నాకు భయం. నాకు ఉచితంగా వచ్చిన మొదటి కుర్చీ అందరికీ ఒకే కొలత. వెడల్పు ఎక్కువై ఒక పక్కకి ఒరిగి కూర్చునేవాణ్ణి, పుండుకు అదీ ఒక కారణం. తలుపులో పట్టేది కాదు. డబ్బు నా చేతికిస్తే నా కొలతకు కొనుక్కునేవాణ్ణి.

అరుణ:
మీరు పెద్దవాళ్లు, మీకేం కావాలో మీకు తెలుసు. పిల్లల విషయంలో అచ్చు మార్చాలని మాకు చెప్పిన మనిషే లేడండీ. డబ్బుంటే మాత్రం ఏం కొనేవాళ్లం?

వెంకట్:
85 లెక్క రెండుసార్లు వేసి చూశాను. భృతి ఆగడం ఒక్కటే కాదు, ఖర్చు పెరగడం కూడా ఉందని నాకు తట్టలేదు. కానీ ఆదాయం చూడకుండా ఇస్తే 500 సంపాదించేవాడికీ ఇవ్వాలిగా? దానికి నేను ఇంకా ఒప్పుకోను.

రమణమూర్తి:
నేనూ అక్కడే ఆగాను. ఆదాయంలోంచి వైకల్యం ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని గీతతో పోల్చి ఇస్తే? సుభద్ర గారూ, అది కుదరదా?

సుభద్ర:
కుదురుతుంది, ఎవరి ఖర్చు ఎంతో తేల్చగలిగితే. బిల్లులు అడిగితే మళ్లీ మొదటికే వస్తాం. ఆయన కొనని దిండుకు బిల్లు ఎక్కడిది?