‘సవరించగలరు’ అంటే అడిగినట్టా, చెప్పినట్టా?

మాది పర్లాకిమిడి. ఎదురింటి వదిన కొడుకు తండ్రి పేరు బడి రిజిస్టరులో తప్పు పడింది. వెంకటరావు ఒడియాలో ‘భెంకట’ అయ్యాడు. అందుకే స్కాలర్‌షిప్ ఫారం ఆగిపోయింది. వదిన రాసిచ్చిన కాగితం ఇది:

“మేడమ్ నమస్తే. మా బాబు మీ బడిలో ఏడో క్లాసు. వాళ్ళ నాన్న పేరు రిజిస్టర్లో భెంకట అని పడింది, ఆధార్లో వెంకటరావు. మొన్న సోమవారం వచ్చి చెప్తే క్లర్క్ గారు రాసి తెమ్మన్నారు. స్కాలర్‌షిప్ ఆగిపోయింది. కొంచెం చూడండి.”

దీన్ని దరఖాస్తుగా మారుస్తూ చివర ‘సవరించగలరు’ అని పెట్టాను. వదిన చదివి, “ఇదేంటి, మనమే ఆవిడకి ఆర్డరేసినట్టుంది” అంది. మీరేమంటారు?

రాయగడ తమ్ముడు: అక్కా, వ్యాకరణం ప్రకారం అది తప్పే. ‘గలరు’ అంటే చేసే శక్తి ఉందని అర్థం. శక్తి ఉందో లేదో మనమెందుకు చెప్పడం?

బరంపురం మాస్టారు: సగం నిజం బాబూ. ‘గమనించగలరు’ అని నోటీసుల్లో రోజూ చూస్తాం, అది తప్పు కాదు. కానీ ఆ గొంతు ఆఫీసు నుంచి జనానికి వచ్చేది. దరఖాస్తు కింది నుంచి పైకి వెళ్తుంది. ‘సవరించగలరని మనవి’ అంటే సరిపోతుంది. మనవి అన్న ఒక్క మాట గొంతు మార్చేస్తుంది.

అమ్మాయీ, దానికంటే ముందు ‘మొన్న సోమవారం’ తీసెయ్యి. ఆ కాగితం ఫైల్లో నెల తర్వాత తిరగేస్తే ఏ సోమవారమో ఎవరికి తెలుస్తుంది? తేదీ రాయి. ‘విషయం’ అని రాసే వరుసలో కథ వద్దు. ఎవరిది, ఏ రికార్డులో, ఏం కావాలి, అంతే. స్కాలర్‌షిప్ సంగతి కిందికి పోనీ.

జయపురం పిన్ని: అసలు తెలుగులో రాస్తే తీసుకుంటారా? మా నీళ్ళ కుళాయి అర్జీని ఒక ఆఫీసులో ఒడియాలో తెమ్మని తిప్పి పంపారు.

బరంపురం మాస్టారు: అమ్మా, కష్టం చెప్పుకునే అర్జీని దేశంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడే ఏ భాషలోనైనా ఇవ్వచ్చని రాజ్యాంగం 350వ అధికరణం చెబుతుంది. జవాబు కూడా ఆ భాషలోనే ఇవ్వాలని మాత్రం అందులో లేదు. వీళ్ళది తెలుగు బడి కాబట్టి ఆ పేచీ లేదనుకుంటా.

నేను: అవును మాస్టారూ, తెలుగు మీడియమే. ‘మేడమ్’ బదులు ఏం రాయాలి? ‘అయ్యా’ కుదరదు కదా.

రాయగడ తమ్ముడు: ‘ఆర్యా’ రాసేయ్ అక్కా, ఆడా మగా ఇద్దరికీ నడుస్తుంది.

బరంపురం మాస్టారు: సంస్కృతంలో ఆడవారిని పిలిస్తే ‘ఆర్యే’. అలా రాస్తే ఆవిడ నవ్వుకుంటుంది. ‘అమ్మా’ చక్కగా ఉంటుంది.

జయపురం పిన్ని: ఇంట్లో పిలిచినట్టు ఉండదూ? నేనైతే మేడమ్ అనే రాస్తాను.

ఇది తేలలేదు. వదిన ‘అమ్మా’ వైపే మొగ్గింది. మార్చిన కాగితం ఇదిగో, పేర్లు వదిలేశాను:

పర్లాకిమిడి,
తేది: 10-07-2025.

నుండి:
శ్రీమతి …,
ఇంటి నం. …, … వీధి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.

ప్రధానోపాధ్యాయురాలు గారికి,
… పాఠశాల, పర్లాకిమిడి.

విషయం: 7వ తరగతి విద్యార్థి … తండ్రి పేరు ప్రవేశ రిజిస్టరులో సవరించుట గురించి.

అమ్మా,

మా అబ్బాయి … తమ పాఠశాలలో 7వ తరగతి చదువుతున్నాడు. ప్రవేశ రిజిస్టరులో అతని తండ్రి పేరు ‘భెంకట’ అని నమోదైంది. ఆధార్ కార్డులో ‘వెంకటరావు’ అని ఉంది. ఈ తేడా వల్ల స్కాలర్‌షిప్ దరఖాస్తు నిలిచిపోయింది. 07-07-2025న కార్యాలయానికి రాగా లిఖితపూర్వకంగా ఇవ్వమన్నారు. కావున పేరును ఆధార్ ప్రకారం సవరించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
(సంతకం)

జతపరచినది: తండ్రి ఆధార్ నకలు.

బరంపురం మాస్టారు: బాగుంది. ‘మీ బడి’ని ‘తమ పాఠశాల’ చేసి, చివర కూడా ‘తమ’ అనే నిలిపావు. చాలామంది పైన తమ, కింద మీ అని కలిపేస్తారు. ‘విధేయురాలు’ కూడా మర్చిపోలేదు. అలవాటుగా ‘విధేయుడు’ అని పెట్టేసే ఆడవాళ్ళను చూశాను.

రాయగడ తమ్ముడు: మాస్టారూ, ఒక్క మాట. ‘వలసిందిగా’లో ఉన్న ‘వలయు’ అంటే తప్పనిసరి కదా. చేయవలెను అన్నట్టే. మరి ‘గలరు’ కంటే ఇదే పెద్ద ఆర్డరు కాదా?

బరంపురం మాస్టారు: పుట్టుక చూస్తే నువ్వన్నది నిజమే. వాడుకలో మాత్రం ‘కోరుతున్నాను’ పక్కన చేరి మెత్తబడిపోయింది. ఎప్పుడు మెత్తబడిందో నాకూ తెలియదు.

నేను: చివరి వాక్యం ‘మనవి’తో ఒకటి, ‘కోరుతున్నాను’తో ఒకటి రాసిస్తే, వదిన రెండూ గట్టిగా చదివి, ‘మనవి’ రాసిందే తీసుకెళ్ళింది. ‘కోరుతున్నాను’ అంటే అప్పు అడిగినట్టుందట.